తల తెగిన పర్చా

ఏ ఇమ్తెహాన్ పర్చా చేతికొచ్చినా మన కళ్లు ముందు పైభాగం మీదికే పోతాయి. ఏ తరగతి, ఏ సబ్జెక్టు, మొత్తం ఎన్ని మార్కులు, ఎంత టైమ్. ఆ నాలుగు లైన్లు చిరిగిపోతే మాత్రం ఏమైంది, కింద సవాళ్లన్నీ ఉన్నాయి కదా అనిపిస్తుంది. రాసే పిల్లలకు పెద్ద ఫర్క్ ఉండదేమో. దిద్దేవాళ్లకు మాత్రం కాళ్ల కింద నేల పోయినట్టే.

ఎందుకో ఒక్క సవాల్‌తో చెప్తాను. "ఆమ్లం అంటే ఏమిటి?" ఏడో తరగతి బిడ్డ "పుల్లగా ఉంటుంది, నీలి లిట్మస్‌ను ఎర్రగా మారుస్తుంది" అని రాస్తే పూరా మార్కులు వేయాల్సిందే. పదో తరగతిలో "నీటిలో హైడ్రోజన్ అయాన్లు ఇచ్చే పదార్థం" అని రాయాలి. ఇంటర్‌కు పోతే ప్రోటాన్‌ను ఇచ్చేది అని బ్రాన్‌స్టెడ్ పేరుతో ఒక జవాబు, ఎలక్ట్రాన్ జంటను తీసుకునేది అని లూయిస్ పేరుతో ఇంకో జవాబు. అన్నీ సహీ జవాబులే. దేనికి రెండు మార్కులు, దేనికి ఒకటి, దేనికి అర అనేది పర్చా ఏ దర్జాదో తెలిస్తేనే తేలుతుంది.

మా భాంజీ దుమ్ముగూడెం దగ్గర ఒక ఊళ్లో సాయంత్రాలు ఆడపిల్లలకు ట్యూషన్ చెప్తుంది. పదో తరగతి వాళ్లున్నారు, ఇంటర్ ఫస్టియర్ వాళ్లున్నారు. కొందరు భద్రాచలం వైపు బడుల పిల్లలు, కొందరు ఎటపాక వైపు వాళ్లు. పోయిన నెల ఒక టెస్టు పెట్టి, ఏదో కోచింగ్ సెంటర్ నుంచి తెప్పించిన కీతో దిద్దింది. ఆ కీ ఇంటర్ మియార్‌లో ఉన్నట్టుంది. పదో తరగతి కోయ పిల్ల ఒకతె ఆమ్లం గురించి తన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే సున్నా పడింది. అట్లాంటివి ఇంకో రెండు. ఆ మార్కులు చూసిన వాళ్ల నాయన, ఈ చదువు ఎక్కేది లేదు, మిర్చి ఏరడానికి పంపిస్తానన్నాడట. ఫిబ్రవరిలో మా ఖమ్మం జిల్లా చేలకు కూలి మనుషులు ఎంతమంది వచ్చినా చాలరు. ఒకసారి చేనుకు పోయిన పిల్ల మార్చి ఇమ్తెహాన్‌కు తిరిగొస్తుందన్న భరోసా లేదు.

అందుకే ఈసారి భాంజీ మా ఇంటికి పంపింది. ఫోన్‌లో స్కాన్ చేసిన నాలుగు పేజీలు, కింద ఒక్క లైను: "మామూ, ముమానీతో దీనికి కీ రాయించి ఆదివారంలోపు పంపండి. పిల్లలు రాసేశారు." తీరా చూస్తే స్కాన్‌లో పర్చా తల లేదు. కాగితం మడత పడి పైన రెండంగుళాలు తెగిపోయింది. ఫోన్ చేస్తే కవరేజీ లేదు. ఆ ఊరి నుంచి మెయిన్ రోడ్డు మీదికొస్తే తప్ప సిగ్నల్ అందదు.

మా బేగం సర్కారు బడిలో ఫిజికల్ సైన్స్ టీచర్. ఏటా స్పాట్ వాల్యుయేషన్‌కు పోయి వస్తుంది. నేను విలేకరిని. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత తెలుగు డిగ్రీ. సైన్స్ నాకు తుర్షా, అసాస్, అద్సా అనే పేర్లతోనే గుర్తుంది. ఆమ్లం, క్షారం, కటకం అని తర్వాత ఎప్పుడో తెలిసింది. నేను మొదటి సవాల్ దగ్గరే జవాబు వెతకబోతే ఆమె ఆపింది.

"ఆగండి. ముందు మార్కులు కూడండి, జవాబుల సంగతి తర్వాత."

కూడాను. 1 నుంచి 3 దాకా రెండేసి మార్కులు, 4 నుంచి 6 దాకా నాలుగేసి, 7, 8 ఆరేసి. ఆరు, పన్నెండు, పన్నెండు. మొత్తం 30. బిట్లు ఒక్కటీ లేవు.

"తెలంగాణలో 2022-23 నుంచి పదో తరగతికి ఆరు పేపర్లే. సైన్స్‌లో ఫిజికల్ ఒక రోజు, బయాలజీ ఒక రోజు, ఒక్కోటి 40 మార్కులు. బిట్లు పార్ట్ బి అని వేరే కాగితం మీద ఉంటాయి, పిల్లలు దాని మీదే రాసి జవాబు పేపర్‌కు కడతారు. ఇక్కడ 30 వచ్చిందంటే ఆ పది మార్కుల కాగితం స్కాన్ కాలేదేమో. ఆంధ్ర వైపైతే ఫిజికల్ సైన్స్ 50కి ఉంటుంది. కానీ ఇది అందాజే. ఎవరన్నా 30 మార్కులకే స్లిప్ టెస్ట్ పెట్టుకుని ఉండొచ్చు కూడా."

మొత్తం మార్కులు ఒక గవాహీ మాత్రమే. ఒక్క గవాహీతో ఫైసలా చేయకూడదన్నది మా వార్తల పనిలోనూ ఉన్న ఉసూలే. రెండో గవాహీ సవాళ్లలో దొరుకుతుంది. అయితే ఆమ్లం లాంటి సవాల్ దీనికి పనికిరాదు, అది ప్రతి తరగతిలోనూ ఉంది. కొన్ని తరగతుల్లోనే ఉండే సవాళ్లను పట్టుకోవాలి.

5వ సవాల్ క్వాంటం సంఖ్యల గురించి. నేను వెంటనే ఇంటర్ అన్నాను. బేగం తల అడ్డంగా ఊపింది. తెలంగాణ పదో తరగతి పుస్తకంలో పరమాణు నిర్మాణం పాఠంలో క్వాంటం సంఖ్యలు ఉన్నాయి. ఆంధ్రలో 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలొచ్చాయి, వాటిలో ఈ పాఠం లేదు. అంటే ఈ సవాల్ ఒక్కటే చూస్తే మూడు దారులున్నాయి: తెలంగాణ పది, పాత సిలబస్ నాటి ఆంధ్ర పది, లేదా రెండు రాష్ట్రాల్లో ఎక్కడి ఇంటర్ అయినా. గోదావరి ఒడ్డున ఈ ఫర్క్ కాగితం మీది ముచ్చట కాదు. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలు ఆంధ్రలో కలిశాయి. భద్రాచలం టౌన్ తెలంగాణలో ఉంటే, దాని పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రలో ఉంది. ఒకే సంతకు పోయే ఇద్దరు పిల్లల సంచుల్లో రెండు వేరే పుస్తకాలుంటాయి.

మూడో గవాహీ 6వ సవాల్ దగ్గర దొరికింది. అది కుంభాకార కటకం లెక్క. ఒకే పర్చాలో క్వాంటం సంఖ్యలూ కటకమూ ఉన్నాయి. ఇంటర్‌లో ఫిజిక్స్ వేరే పేపర్, కెమిస్ట్రీ వేరే పేపర్, రెండూ ఎప్పుడూ కలవవు. కాబట్టి ఇంటర్ పోయింది. ఎన్‌సీఈఆర్‌టీ పదిలో క్వాంటం సంఖ్యలు లేవు కాబట్టి ఇప్పటి ఆంధ్ర కూడా పోయింది. మిగిలింది తెలంగాణ పది. ఒకవేళ ఆంధ్ర పాత పర్చాయే అయినా అప్పట్లో రెండు వైపులా పాఠాలు అవే, కీ మారదు. 30తో పాటు పది బిట్లన్న అందాజ్ కూడా దీంతో సరిపోయింది.

దర్జా తేలాకే బేగం పెన్ను పట్టింది. ఆమ్లం సవాల్ ఇట్లా ఉంది: "ఆమ్లం, క్షారం అనగానేమి? ఒక్కొక్క ఉదాహరణ ఇవ్వండి." రెండు మార్కులు. నాలుగు ముక్కలు చేసింది, ఒక్కోదానికి అర. ఆమ్లం నీటిలో H⁺ అయాన్లు ఇస్తుంది, అర. క్షారం OH⁻ అయాన్లు ఇస్తుంది, అర. ఉదాహరణలకు అర, అర. దాని కిందే ఇంకో మూడు లైన్లు రాసింది. ఇంటర్ జవాబు ఎవరన్నా రాస్తే పూర్తి మార్కులివ్వాలి, కానీ ఎవరినీ అది అడగకూడదు. లిట్మస్ రంగు మాత్రమే రాస్తే అది గుణం, నిర్వచనం కాదు. ఆమ్లానికీ క్షారానికీ రెండింటికీ కలిపి అర ఇవ్వాలి, ఉదాహరణల మార్కులు వేరే. పేరు తెలుగులో, ఇంగ్లిష్‌లో, ఉర్దూలో ఎట్లా రాసినా ఒప్పుకోవాలి. పోయిన నెల సున్నా పడ్డ పిల్లకు ఈ లెక్కన ఉదాహరణలతో సహా రెండుకు రెండు వస్తాయి.

కటకం లెక్క దగ్గర స్కాన్ ఇంకో పరేషానీ తెచ్చింది. వస్తువు కటకానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది. నాభ్యంతరం 20 అనుకుంటే 20, 26 అనుకుంటే 26, అంకె మీద నీడ పడింది. రెండింటితోనూ చేసి చూశాం. సూత్రం ఇది:

```
1/f = 1/v − 1/u
```

f = 20, u = −30 పెడితే v = 60 వస్తుంది, ప్రతిబింబం వస్తువుకు రెండింతలు. 26 పెడితే v = 195, ఆరున్నర రెట్లు. పర్చా తయారుచేసేవాళ్లు లెక్క సాఫ్‌గా తేలే అంకెలే ఎంచుకుంటారు కాబట్టి కీలో 20 వేశాం. అయితే పిల్లలు రాసింది కూడా ఇట్లాంటి జిరాక్స్ చూసే అయితే? అందుకే పక్కన రాశాం: "26 తీసుకుని 195 తెచ్చినా పూర్తి మార్కులు."

నాలుగు మార్కులను సూత్రానికి ఒకటి, గుర్తులతో విలువలు పెట్టినందుకు ఒకటి, లెక్కకు ఒకటి, ప్రతిబింబం నిజమైనది, తలక్రిందులు, పెద్దది అన్నందుకు ఒకటి అని పంచింది. తర్వాత నాకొక చిన్న చిట్కా చెప్పింది. ఎవరి జవాబన్నా 12 వచ్చిందంటే ఆ పిల్ల u ముందు మైనస్ మరిచిపోయిందని అర్థం, మధ్యలో లైన్లు చూడకుండానే చెప్పొచ్చు. ఆ పిల్లకు గుర్తుల మార్కు ఒక్కటే కోయాలి. తప్పు విలువతోనే అయినా ఆ తర్వాతి లెక్క సరిగా చేసింది కాబట్టి ఆ మార్కు ఆమెదే. ప్రతిబింబం స్వభావం కూడా సరిగా రాస్తే నాలుగుకు మూడు. ఒకే గల్తీకి రెండుసార్లు సజా వేయడం ఇన్సాఫ్ కాదు.

కీ మీద మొదటి లైను నేను రాశాను: "పర్చా తల కనిపించలేదు. లోపలి సబూత్‌ను బట్టి తెలంగాణ పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రం, పార్ట్ ఎ, 30 మార్కులు అనుకుని రాసిన కీ. పార్ట్ బి అందలేదు. తరగతి వేరే అయితే దీంతో దిద్దకండి." మనం దేన్ని అనుకున్నామో రాయకుండా కీ పంపితే చదివేవాళ్లకు అది పక్కా ఫైసలాలా కనిపిస్తుంది. పోయిన నెల కోచింగ్ సెంటర్ కీతో జరిగింది అదే. ఆ కీలో జవాబులు తప్పేం కాదు, అది ఎవరి కోసమో దాని మీద రాసి లేదు, అంతే. గవాహీలు ఒకదానితో ఒకటి పొసగని పర్చాలు కూడా ఉంటాయి. అప్పుడు ఒక దర్జాను బలవంతంగా ఎంచుకోవద్దని బేగం అంటుంది. ఒక్కో సవాల్‌కు రెండు వరసల్లో మార్కులు రాసి, ఏది వాడాలో పిల్లల తరగతి తెలిసినవాళ్లకు వదిలేయాలి.

ఆదివారం మధ్యాహ్నం భాంజీ రోడ్డు మీదికొచ్చి ఫోన్ చేసింది. తెలంగాణ పదే. బిట్ పేపర్ ఆమె సంచిలోనే ఉండిపోయింది. అసలు పర్చాలో 20 ఉందట. జిరాక్స్ చూసి రాసిన ఇద్దరు పిల్లలు 26 వేసి 195 తెచ్చారట. ఆ ఇద్దరిలో మిర్చికి పంపుతామన్న పిల్ల కూడా ఉంది. ఆ లెక్కకు నాలుగుకు నాలుగు వేసి, పోయిన నెల పేపర్ కూడా మళ్లీ దిద్ది, రెండూ తీసుకుని వాళ్ల నాయన దగ్గరికి పోతానంది.

మీ ఇంట్లో ఎవరన్నా పర్చా స్కాన్ చేసి ఇంకొకరికి పంపేటప్పుడు కాగితం నాలుగు మూలలూ ఫ్రేమ్‌లో ఉన్నాయో లేదో చూడమనండి. బిట్ పేపర్ విడిగా తీయమనండి. మెసేజ్‌లో తరగతి, రాష్ట్రం, మీడియం మూడూ రాయమనండి. మూడు మాటలే.