కాక సాక్ష్యం

నేను న్యాయశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్న రోజులవి. 2009 వేసవిలో మా తరగతి విద్యార్థులం గోదావరిఖనిలో ఒక నమూనా విచారణ జరపాలని నిశ్చయించుకున్నాం. బొగ్గు గనుల్లో పదవీ విరమణ చేసిన కార్మికుల చేతికి ఒక్కసారిగా గ్రాట్యుటీ, భవిష్యనిధి సొమ్ము వస్తుంది. కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి కనుక ఇంటిస్థలం వెదుక్కోవాలి. ఆ సమయంలోనే మోసగాళ్ళు తలుపు తడతారు. అందుచేత ఒకే స్థలాన్ని ఇద్దరికి అమ్మిన వ్యవహారాన్ని వ్యాజ్యంగా ఎన్నుకున్నాం. కథను కల్పించవలసిన అవసరం నాకు కలగలేదు. అది మా ఇంటిలో జరిగినదే. పేర్లు మాత్రం మార్చాం.

మా బాపు ముప్పై సంవత్సరాలు భూగర్భ గనిలో పనిచేసి 2004లో పదవీ విరమణ చేశాడు. ఊరి చివర రెండు వందల గజాల స్థలానికి బేరం కుదుర్చుకొని, మూడు లక్షల రూపాయలు ముట్టచెప్పి, స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించుకున్నాడు. ఆ స్థలం నలభై రోజుల ముందే మరొకరి పేర రిజిస్టరయిందని తరువాత తెలిసింది. పరువు పోతుందని బాపు పోలీసు స్టేషనుకు వెళ్ళలేదు. పెద్దమనుషుల పంచాయితీలో సగం సొమ్ము వచ్చింది. మిగిలిన సగం రాలేదు.

ఒప్పందం మీద సాక్షి సంతకం చేసినవాడు మా కాక. రక్త సంబంధం లేదు. బాపుతో కలిసి ఒకే గనిలో కోల్ ఫిల్లరుగా పనిచేసిన మనిషి, పక్క క్వార్టరు వాడు. నమూనా విచారణలో సాక్షిగా నిలబడమని అడిగితే మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. నేను ప్రాసిక్యూషన్ పక్షాన న్యాయవాదిని. కాకను ప్రధాన విచారణ చేయవలసినది నేనే.

సివిల్ దావాలలో 2002 నుండి ప్రధాన విచారణ ప్రమాణపత్రం రూపంలోనే దాఖలవుతున్నది. న్యాయవాది కార్యాలయంలో టైపు చేసిన కాగితం మీద సాక్షి సంతకం చేస్తాడు. సాక్షి నోటి నుండి కథ మొదటిసారి వినిపించేది ఎక్కువగా క్రిమినల్ కోర్టులలోనే. అందుకే మేము మోసం కేసునే తీసుకున్నాం. అందులో రుజువు చేయవలసిన ముఖ్య విషయం, డబ్బు పుచ్చుకునే నాటికే నిందితుని మనస్సులో వంచన ఉన్నదని. తరువాత మాట తప్పినంత మాత్రాన అది మోసం కాదు. కనుక డబ్బు పుచ్చుకునే ముందు అతడు ఏమన్నాడో చెప్పగల సాక్షి కావాలి. ఆ మాటలు చెవులారా విన్నవాడు కాక.

విచారణకు ముందు రాత్రి మా ఇంట్లోనే అభ్యాసం చేశాం. అమ్మ వంటింటి గడప మీద కూర్చున్నది. బాపు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నేను కాగితం మీద రాసుకున్న ప్రశ్నలు చదివాను.

"2004 మార్చిలో మీరు ఫిర్యాదితో కలిసి నిందితుని ఇంటికి వెళ్ళారు కదా?"

"ఔ బిడ్డా."

"ఈ స్థలం ఎవరికీ అమ్మలేదని నిందితుడు చెప్పాడు కదా?"

"ఔ."

"మూడు లక్షల రూపాయలు మీ ఎదుటనే లెక్కపెట్టి ఇచ్చారు కదా?"

"ఔ బిడ్డా."

ఐదు నిమిషాలలో ముగిసింది. నాకు పట్టరాని సంతోషం కలిగింది. అప్పుడు నిందితుని పక్షాన వాదించవలసిన నా సహాధ్యాయి లేచాడు. అతడు నెమ్మదిగా అడిగాడు. "నోట్లు ఎంతవి?" "ఐదు వందలవి." "ఎన్ని కట్టలు?" "నాలుగు. నేనే రెండు లెక్కవెట్టిన." వంద నోట్ల కట్ట అంటే యాభై వేలు. నాలుగు కట్టలు రెండు లక్షలే అవుతాయి. "మరి మూడు లక్షలని ఎందుకు చెప్పారు?" అని అతడు అడిగాడు. కాక అమాయకంగా నా వైపు చూశాడు. "బిడ్డ అడిగింది గద. ఔ అన్న."

ఆ మాటతో నా ప్రశ్నలలోని దోషం నాకు అర్థమయింది. తనకు కావలసిన జవాబును ప్రశ్నలోనే సూచించే ప్రశ్నను చట్టం సూచక ప్రశ్న అంటుంది. కోర్టు వాడుకలో లీడింగ్ ప్రశ్న. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఇది 141వ సెక్షన్. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 146వ సెక్షన్. ఎదుటి పక్షం అభ్యంతరం చెబితే, కోర్టు అనుమతి లేకుండా ప్రధాన విచారణలో అటువంటి ప్రశ్న అడగరాదు. ఎదురు విచారణలో అడగవచ్చు. ఈ భేదాన్ని నేను పరీక్షల కోసం కంఠస్థం చేశాను గాని, కారణం ఏనాడూ ఆలోచించలేదు. ఎదుటి పక్షం సాక్షి మనం తోసినా తొణకడు. మన సాక్షి అటువంటివాడు కాడు. అతడు మన మేలు కోరేవాడు. మనం ఏది అందిస్తే అది పుచ్చుకుంటాడు. కాక అబద్ధమాడలేదు. నా మాటను తన నోటితో తిరిగి చెప్పాడు, అంతే.

కాగితాన్ని పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి "ఆ రోజు ఏం జరిగింది?" అని మాత్రమే అడిగాను. కాక ఉదయం షిఫ్టు నుండి ఎత్తుకున్నాడు. దారిలో తాగిన చాయ, దుకాణదారు అప్పు, బాపు ఎంత దిగులుపడ్డాడో, ఆ దిగులు గురించి బాపు తనతో తరువాత ఏమన్నాడో అన్నీ వచ్చాయి. నా సహాధ్యాయి రెండుసార్లు అడ్డుతగిలాడు. బాపు తరువాత చెప్పిన మాట విన్నికిడి సాక్ష్యం, అది చెల్లదు. అన్ని ద్వారాలూ తెరిచిన ప్రశ్న కూడా పనికిరాదని తెలిసింది. ప్రశ్న జవాబును చూపకూడదు గాని, చోటును చూపవచ్చు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏమన్నారు అన్న చిన్న ప్రశ్నలు వేస్తూ, సాక్షి తానుగా చెప్పిన మాటను పట్టుకొని తరువాతి ప్రశ్నకు వెళ్ళాలి.

"ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారు?"

"నేను, మీ బాపు, ఆయన, రాసేటాయన."

"ముందుగా ఎవరు మాట్లాడారు?"

"మీ బాపే. ఇదివరకు ఎవరికన్న అమ్మినవా అని అడిగిండు."

"దానికి ఆయన ఏమన్నాడు?"

"అమ్మలేదు, కిరికిరి ఏం లేదన్నడు. బిడ్డల మీద ఒట్టు వెట్టిండు."

ఒట్టు సంగతి నాకు తెలియదు. "చెప్పాడు కదా" అన్న నా ప్రశ్నకు అది ఎన్నటికీ బయటికి వచ్చేది కాదు.

"తరువాత ఏం జరిగింది?"

"పైసలు దీసిండు మీ బాపు. నాలుగు కట్టలు."

"కాగితంలో ఎంత రాశారు?"

"మూడు లచ్చలు. గదేంది, ఇచ్చింది రెండే గద అన్న నేను. లచ్చ మొన్ననే ముట్టిందన్నడు ఆయన."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. అమ్మ బాపు వైపు చూసింది. కాగితం లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దని ఆమె ఆనాడు పదేపదే చెప్పిందట. మూడు లక్షలూ ఒకేనాడు, కాక ఎదుట, కాగితం మీద ఇచ్చాడనే ఐదేళ్ళుగా నమ్ముతున్నది. బాపు తల ఎత్తలేదు.

న్యాయవాదిగా నాకు ఆ జవాబు వరమే. ఆ లక్షకు రసీదు లేదు, చూసినవారు లేరు. అయినా ముట్టిందని నిందితుడే తన నోటితో ఒప్పుకున్నాడు, ఆ ఒప్పుకోలును మా సాక్షి స్వయంగా విన్నాడు. కూతురిగా మాత్రం ఆ ప్రశ్న ఎందుకు అడిగానా అనిపించింది. కాక వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "గనిల పైకప్పును కట్టెతోటి తట్టి చూస్తం బిడ్డా. గుల్ల మోగితె ఎనుకకు జరుగుతం. మోగకముందే గట్టిగున్నదంటె ఎట్ల?" అన్నాడు.

మరునాడు హాలు నిండింది. రెండవ షిఫ్టుకు వెళ్ళవలసినవారు కూడా కాసేపు నిలబడి చూశారు. న్యాయమూర్తి స్థానంలో ఒక వృద్ధ న్యాయవాది కూర్చున్నారు. నేను మొదట "మీరు గనిలో పనిచేసి పదవీ విరమణ చేశారు కదా?" అని అడిగాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పరిచయ విషయాలకు, వివాదం లేని విషయాలకు సూచక ప్రశ్నను చట్టమే అనుమతిస్తుంది. నిందితుని గుర్తింపు దగ్గర జాగ్రత్తపడ్డాను. "అక్కడ నిలబడినది ఆయనేనా?" అనకుండా, "స్థలం అమ్ముతానన్న వ్యక్తి ఈ హాలులో ఉన్నాడా?" అన్నాను. కాక తానే వెదికి వేలు చూపాడు.

ఒకచోట తొట్రుపడ్డాను. "నిందితుడు అబద్ధపు ఒట్టు పెట్టినప్పుడు మీరు ఎక్కడ కూర్చున్నారు?" అని అడిగాను. అందులో "కదా" లేదు. అయినా సహాధ్యాయి వెంటనే లేచాడు. ఒట్టు పెట్టాడని సాక్షి ఇంకా చెప్పలేదు, అది అబద్ధమని ఎవరూ తేల్చలేదు, రెంటినీ ప్రశ్నలో దాచి అడిగాను. అభ్యంతరం నెగ్గింది. తరువాత ఎంత సక్రమంగా అడిగి అదే జవాబు రాబట్టినా, అది కాకకు జ్ఞాపకం వచ్చినదో, నేను అందించినదో న్యాయమూర్తికి తెలిసే మార్గం లేకపోయింది. తీర్పులో ఆయన ఒట్టు మాటను పరిగణనలోకి తీసుకోలేదు. కేరళకు చెందిన వర్కీ జోసెఫ్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఇదే విషయం చెప్పిందని ఆయన మాకు గుర్తుచేశారు. కీలకమైన అంశాల మీద ప్రాసిక్యూటరు తన సాక్షులకే సూచక ప్రశ్నలు వేయడం నిందితునికి న్యాయమైన విచారణ దక్కకుండా చేయడమేనని ఆ తీర్పు.

లక్ష రూపాయల మాట మాత్రం నిలిచింది. సహాధ్యాయి ఎదురు విచారణలో "మీరు చూసింది రెండు లక్షలే కదా?" అని గద్దించాడు. అతనికి ఆ హక్కు ఉన్నది. కాక తొణకలేదు. "ఔ, రెండే. తక్కింది ముట్టిందని ఆయననే అన్నడు. నేను ఇన్న." ముందురోజు వలె "ఔ బిడ్డా" అని ఊరుకొని ఉంటే, ఆ ఒక్క ప్రశ్నతో మా సాక్షి హాలంతటి ఎదుట అబద్ధాలకోరు అయ్యేవాడు.

చీకటి పడ్డాక ముగ్గురం నడిచి ఇంటికి వస్తున్నాం. రాత్రి నుండి అమ్మ బాపుతో ఒక్క మాట మాట్లాడలేదు. నాకు చెప్పకుండా ఇచ్చినవు కదా అని నిలదీస్తుందని ఎదురుచూస్తున్నాను. క్వార్టర్ల మలుపు దగ్గర ఆమె నడక నెమ్మదించింది.

"ఆ లచ్చ ఇచ్చిననాడు ఏమైందయ్యా?" అని అడిగింది.

బాపు కొంతదూరం మౌనంగా నడిచాడు. తరువాత చెప్పడం మొదలుపెట్టాడు.