చుక్క తెచ్చిన చిక్కు

మా ఆవిడ దారం గాజులు చేస్తుంది. ఈ సంగతి మా న్యూజెర్సీ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో చాలామందికి తెలుసు. ఉగాదికీ, దసరాకీ హాల్లో ఓ మూల బల్ల వేసుకుని కూర్చునేది ఆవిడే. పక్కన చిల్లర లెక్కపెట్టేది నేను. పగలంతా క్లయింట్ల డేటాబేసులతో కుస్తీ పట్టే నాకు ఆ రెండు రోజులే అసలైన సెలవులు.

ఆ బల్ల దగ్గర సైజు గురించి ఎప్పుడూ గొడవ రాలేదు. వచ్చినావిడ చెయ్యి చాపుతుంది, మా ఆవిడ ఒక గాజు తొడిగి చూస్తుంది, ఎక్కకపోతే ఇంకొకటి తీస్తుంది. అంతే. ఆన్‌లైన్లో అమ్ముదామన్న ఆలోచన మా అమ్మాయిది. లిస్టింగు రాసే పని మా ఆవిడ తీసుకుంది. సైజులూ ధరలూ ఎక్కించే పని, ‘కంప్యూటర్లు తెలిసిన’ మనిషిని కనుక, నా నెత్తిన పడింది.

మా ఆవిడ రాసింది చదివి నేనే కాసేపు మాట్లాడలేకపోయాను. వాళ్ళ అమ్మమ్మగారి ఊళ్ళో గాజులాయన మలారం భుజాన వేసుకుని రావడం, వీధి అరుగు మీద ఆడవాళ్ళంతా చేరడం, ఆయన చెయ్యి పట్టుకుని మెత్తగా నొక్కి, అడక్కుండానే సరైన గాజు తియ్యడం, ఆ గాజుల చప్పుడు జ్ఞాపకంతో తాను ఇక్కడ చలికాలం సాయంత్రాలు పట్టుదారం చుట్టడం... అన్నీ ఉన్నాయి. ఫొటోలు మా అమ్మాయి తీసింది. కింద సైజుల పెట్టెలో నేను పెట్టినవి నాలుగే నాలుగు అంకెలు: 2.4, 2.6, 2.8, 2.10.

ఇక్కడ పిల్లల కోసం ఒక మాట చెప్పాలి. మన గాజుల సైజును టూ ఫోర్, టూ సిక్స్ అంటారు కదా. అందులో మొదటి అంకె అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. కాబట్టి 2-4 అంటే గాజు లోపలి అడ్డుకొలత రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే రెండుంపావు అంగుళాలు. 2-8 అంటే రెండున్నర. 2-8 తరవాత వచ్చేది 2-10. ఇది దశాంశం కానే కాదు. మరి నేను మధ్యలో చుక్క ఎందుకు పెట్టానంటే, స్టాకు లెక్కలు వేసుకున్న స్ప్రెడ్‌షీటులో 2-4 అని కొడితే అది ఫిబ్రవరి 4 అయి కూర్చుంది. విసుగొచ్చి గీత తీసి చుక్క పెట్టాను. అప్పుడు 2.10 కాస్తా 2.1 అయి, వరసలో 2.4 కంటే ముందుకి వచ్చేసింది. ఆ ఒక్కటి చేత్తో సరిచేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను. గీత పోయి చుక్క వచ్చేసరికి చదివేవాళ్ళకి అర్థమే మారిపోతుందని తట్టలేదు.

కిందటేడు ఒక బుధవారం రాత్రి టెక్సాస్ నుంచి ఫోను వచ్చింది. శనివారం వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షను. గాజులు ఆ రోజే అందాయట, చేతికి ఎక్కలేదట. ఆవిడ తెలివైన మనిషి. ఆర్డరు చేసేముందు అమ్మాయికి సరిపోయే పాత గాజు తీసుకుని, స్కేలు పెట్టి లోపలి అడ్డుకొలత చూసింది. 2.4 అంగుళాలు వచ్చింది. మా పెట్టెలో 2.4 కనపడింది. నొక్కేసింది. ఆవిడ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

ఫోను పెట్టాక నేను కాలిపర్ తీసి, స్టాకులో ఉన్న 2-4 గాజు కొలిచాను. 2.4 అంగుళాలంటే దాదాపు 61 మిల్లీమీటర్లు. మన 2-4 అంటే 57.2. ఇక్కడికే నాలుగు మిల్లీమీటర్లు తేడా. కానీ కాలిపర్‌లో కనిపించింది 57.2 కూడా కాదు, 55.9. ఆ తక్కువ మిల్లీమీటరు పైచిలుకు ఎక్కడికి పోయిందా అని చూస్తే, అది దారం. మా ఆవిడ బోలెడు పోగులు పక్కపక్కన పరిచి, జిగురు రాస్తూ గాజు చుట్టూ లోపలినుంచి బయటికి చుడుతుంది. లోపల ఇటువైపు అర మిల్లీమీటరు పైన, అటువైపు అంతే మందం పేరుకుంటుంది. చుట్టే ముందు 2-4 అయిన గాజు చుట్టాక 2-4 కాదు. ఇన్నాళ్ళూ బల్ల దగ్గర ఎక్కని గాజు పక్కన పెట్టి పెద్దది తొడగడమే తప్ప, ఎందుకు ఎక్కలేదో ఎవరం ఆలోచించలేదు.

అసలు దెబ్బ ఇంకా ఉంది. గాజు ఎక్కకపోతే మన ఇళ్ళల్లో ఏం చేస్తారు? చేతికి సబ్బునీళ్ళు రాస్తారు. వాళ్ళూ అదే చేశారు. రెండు గాజులకి దారం వదులై జారింది, మెరూన్ రంగు చేతికంటింది, ఒకదానికి రాళ్ళు ఊడాయి. “అక్కా, మీరు రాసింది మూడుసార్లు చదివాను, మా అమ్మకి కూడా చదివి వినిపించాను. కానీ నీళ్ళు తగలకూడదని అందులో ఎక్కడా లేదక్కా” అంది ఆవిడ. కోపంగా కూడా అనలేదు.

మా ఆవిడ ఆ రాత్రి టేపుతో పిల్ల చెయ్యి కొలిపించింది. మణికట్టు కాదు. బొటనవేలిని చిటికెన వేలి వైపు మడిచి, మెటికల మీదుగా చెయ్యి బాగా వెడల్పున్న చోట చుట్టూ కొలవాలి, ఎందుకంటే గాజు దాటాల్సింది దాన్నే. ఏడున్నర అంగుళాలు వచ్చింది. దాన్ని 3.14తో భాగిస్తే అడ్డుకొలత 2.39 అంగుళాలు, అంటే 60.7 మిల్లీమీటర్లు. 2-6 గాజు దారం చుట్టాక 59 మిల్లీమీటర్లే ఉంటుంది, చాలదు. 2-8 చుట్టాక 62 పైన ఉంటుంది. రాత్రి రెండింటిదాకా కూర్చుని 2-8 సెట్టు చుట్టింది. జిగురు ఆరాలి కదా, గురువారం సాయంత్రంగానీ పంపలేకపోయాం. పార్సెలు శనివారం మధ్యాహ్నం చేరింది. అప్పటికి ఫంక్షను అయిపోయింది. పిల్ల ఎవరివో గాజులు అరువు తెచ్చుకుని వేసుకుందట. డబ్బు వెనక్కి ఇచ్చేశాం. మా ఆవిడ వారం రోజులు దారం ముట్టుకోలేదు.

ఎనిమిదో రోజున లిస్టింగు ముందేసుకుని కూర్చుంది. “కథ తీసేసి కొలతలు పెట్టేద్దామా?” అన్నాను. “కథలో తప్పేముందండీ? నేను సగమే చెప్పాను, అదీ తప్పు” అంది. నిజమే. చుట్టడం గురించి రాసింది కానీ, చుట్టడంవల్ల గాజు ఇరుకవుతుందని రాయలేదు. జిగురు అన్న మాటే లేదు. పట్టుదారం అని రాసింది, అది పట్టేనా అన్నది ఎవరం చూడలేదు.

అది మా అమ్మాయి తేల్చింది. వంటింటి సింకు మీద, వాళ్ళమ్మ పక్కన నిలబడగా, పట్టకారుతో దారం ముక్క పట్టుకుని వెలిగించింది. (పిల్లలూ, పెద్దవాళ్ళు లేకుండా ఈ పని చెయ్యకండి.) అసలు పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్లటి ఉండ వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. పాలియెస్టరయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. మాది కాగితంలా భగ్గున మండి, చిటికెడు బూడిద మిగిల్చింది. రేయాన్ అన్నమాట. బేగంబజారులో మా అత్తగారు కొన్న రీళ్ళ మీద సిల్క్ థ్రెడ్ అనే ఉంటుంది, అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ అలాగే అంటారు. అయినా కొనేవాళ్ళకి మేం పట్టు అని చెప్పడం అబద్ధమే. పైగా రేయాన్ తడిస్తే బలం బాగా తగ్గుతుంది, కనుక ఏ దారమో చెప్పకుండా నీళ్ళ సంగతి చెప్పడం కుదరదు.

ఇంకో చిక్కు నేను పట్టుకున్నాను. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారి ఆభరణాల మార్గదర్శకాలలో ‘హ్యాండ్‌మేడ్’ అన్న మాట గురించి ఉంది. ముడిసరుకు నుంచి వస్తువుకి ఆకారం తేవడం, అలంకరించడం అంతా చేతిపనిగానే జరిగితే తప్ప ఆ మాట వాడకూడదు. మా గాజు లోపలున్నది ఫ్యాక్టరీలో పోసిన ప్లాస్టిక్ గాజు. మా ఆవిడ ముందు నొచ్చుకుంది, తరవాత ‘చేత్తో చుట్టిన’ అని రాసింది. నాకైతే అదే మంచి మాటనిపించింది. విన్నవాళ్ళకి ఆ చేతులు ఏం చేశాయో కూడా తెలుస్తుంది.

ఇప్పుడున్న లిస్టింగు తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

“మా అమ్మమ్మ ఊళ్ళో గాజులాయన చెయ్యి నొక్కి చూసి సైజు చెప్పేవాడు. నాకు ఆ వీలు లేదు కనుక, బొటనవేలు లోపలికి మడిచి మెటికల చుట్టూ మీరే కొలవండి. ఈ గాజు లోపలి అడ్డుకొలత, దారం చుట్టిన తరవాత, 59 మిల్లీమీటర్లు. మీ కొలత ఏడుంపావు అంగుళాలు దాటితే పై సైజు తీసుకోండి. మన వాడుకలో దీన్ని 2-6 అంటారు, అది దారం చుట్టకముందు కొలత, 2.6 అంగుళాలు కాదు. లోపలిది హైదరాబాదు నుంచి తెచ్చిన ప్లాస్టిక్ గాజు. దాని మీద మెరూన్ రేయాన్ దారం మా ఇంట్లో చేత్తో చుట్టాను, పట్టు కాదు. రాళ్ళు కుందన్ ఆకారంలో ఉన్న ప్లాస్టిక్‌వి, వెనక మెరుపు రేకు ఉంటుంది. దారాన్నీ, రాళ్ళనీ పట్టి ఉంచేది జిగురే, అది నీళ్ళకి మెత్తబడుతుంది. సబ్బు రాసి ఎక్కించకండి. సెంటు కొట్టుకుని, అది ఆరాక వేసుకోండి. మాసితే పొడి మెత్తటి గుడ్డతో తుడవండి, కడగకండి.”

గాజులాయన అలాగే ఉన్నాడు, అరుగు మాత్రం పోయింది. నాకు ఆ అరుగంటే ఇష్టం, ఉంచమని బతిమాలాను. కుదరదంది. ఫొటోల్లో మాత్రం నా మాట నెగ్గింది, రెండో ఫొటోలో గాజు మధ్యలో స్కేలు కనపడుతుంది. పట్టు కాదని రాశాక ఒకరిద్దరు ధర తగ్గించమని అడిగారు. ఒకావిడ మానేసింది కూడా. స్ప్రెడ్‌షీటులో సైజుల కాలమ్ మొత్తం టెక్స్ట్‌గా మార్చి, చుక్కలు తీసేసి గీతలు పెట్టాను. ఈ పని మొదటే చేసి ఉండొచ్చు, రెండు నిమిషాల పని.

మొన్న ఆదివారం వీడియో కాల్లో మా అత్తగారికి ఇదంతా చదివి వినిపించాం. “గాజులకి ఇంత రాతకోతలేమిటి బాబూ, చెయ్యి చూస్తే తెలియదూ?” అని మా అమ్మాయిని చెయ్యి చూపించమన్నారు. ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, “టూ సిక్స్” అన్నారు. మా అమ్మాయి నమ్మకుండా టేపు తెచ్చి కొలిచింది. ఏడుంపావుకి ఓ నూలు తక్కువ.

“దారం చుట్టాకా, చుట్టకముందా, అమ్మమ్మా?” అని అడిగింది. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.