తెగని గీత – తెగే దారం

హైదరాబాదులోని ఒక అపార్టుమెంటులో నలభై కుటుంబాలు నివసిస్తున్నాయి. సంక్రాంతికి వారం ముందు నివాసుల సంఘం సమావేశమైంది. పండుగనాటి మధ్యాహ్నం ముగ్గుల పోటీ, ఆ తరువాత పిల్లలకు గాలిపటాల పోటీ జరపాలని అందరూ అంగీకరించారు. అయితే గాలిపటాలు ఎక్కడ ఎగురవేయాలన్న ప్రశ్న వచ్చేసరికి భేదాభిప్రాయం తలెత్తింది. పిల్లలందరూ మేడమీదనే అన్నారు. గాలి బాగా తగిలేది అక్కడే కదా!

విద్యుత్తు శాఖలో పనిచేసి విశ్రాంతి పొందుతున్న ఒక పెద్దాయన అందుకు ఒప్పుకోలేదు. ఆయన ఒక పన్నెండేళ్ల బాలుణ్ణి దగ్గరకు పిలిచి, "గాలి తగ్గినప్పుడు నీవేం చేస్తావు?" అని అడిగాడు.

"దారం బిగియడానికి వెనక్కి నడుస్తాను, తాతగారూ."

"అప్పుడు నీ చూపు ఎక్కడ ఉంటుంది?"

"ఆకాశంలో."

"మరి నీ వెనుక పిట్టగోడ ఎంత ఎత్తున ఉంది?"

బాలుడు బదులు పలకలేదు. ఆ గోడ అతని నడుము దాటదు.

దానితో మేడ తలుపునకు తాళం వేయాలనీ, ప్రక్కనున్న ప్రహరీ గల ఖాళీ స్థలంలో పోటీ జరపాలనీ నిర్ణయమైంది. ఆ స్థలానికి ఉత్తరపుటంచున విద్యుత్తు తీగలున్నాయి. కనుక ఆ వైపు నలభై అడుగుల మేర వదిలి సున్నంతో గీత గీశారు. గాలి ఉత్తరానికి తిరిగితే పోటీ వెంటనే ఆపాలన్నది మొదటి నియమం.

రెండవ నియమం దారాన్ని గురించినది. నైలాను, ఇతర కృత్రిమ దారాలతో చేసిన మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో దేశమంతటా నిషేధించింది. అయినా ఆ బాలుని చరఖాలో అటువంటి దారమే ఉంది. పెద్దాయన చేతులకు తోలు తొడుగులు వేసుకొని, ఆ దారాన్ని ఒక దోసకాయపై బిగించి లాగాడు. కాయ రెండు ముక్కలైంది. తరువాత మామూలు నూలుదారాన్ని అదే విధంగా లాగాడు. కాయపై గాటు పడకముందే దారం పుటుక్కున తెగిపోయింది. "మెడకో, పక్షి రెక్కకో తగిలినప్పుడు తెగిపోయే దారమే మనకు కావాలి" అన్నాడాయన. బాలుడు చరఖాను సంఘానికి అప్పగించాడు. గాజుపొడి పూయని నూలుదారాన్ని అందరికీ సంఘమే ఇచ్చింది.

ఆ దారంతో ఒకరి పటాన్ని మరొకరు కోయడం కుదరదు. అందువల్ల ఎక్కువసేపు పటాన్ని గాలిలో నిలిపినవారికి బహుమతి అని ప్రకటించారు. తెగిన పటం పట్టుకున్నవారిదే అన్నది వీధిలోని ఆనవాయితీ. పిల్లలు వాహనాలకు అడ్డంగా పరుగెత్తేది దాని కోసమే. ఇక్కడ పటం తెగినవారు కదలక నిలబడితే మరొక పటం ఇస్తారు. దాని వెంట పరుగెత్తినవారు పోటీ నుండి తొలగుతారు.

పండుగనాడు రెండు గంటలకు ముగ్గులు మొదలయ్యాయి. కార్లను ముందే బయట నిలిపారు. ఒక్కొక్క జట్టులో ఒక పెద్ద, ఒక చిన్న. ఒక్కొక్క జట్టుకు నాలుగడుగుల చదరం. చదరాల నడుమ నడవడానికి రెండడుగుల దారి. పొడి సిమెంటుపై పిండి నిలువదు గనుక ముందుగా నీళ్లు చిలకరించి, తడి ఇంకేదాకా ఆగారు. అరడుగు దూరాన ఏడు చుక్కల చొప్పున ఏడు వరుసలు పెద్దలు పెట్టారు. మెలికలు పిల్లలు వేశారు. రంగులకు మార్కులు లేవు. ఒక బామ్మగారు ప్రతి ముగ్గు మీదుగా వేలు గాలిలో త్రిప్పుతూ గీతను వెంబడించారు. గీత ఎక్కడా తెగక బయలుదేరిన చోటికే రావాలి. ఏ చుక్కా గీత క్రింద పడరాదు. ఎనిమిది ముగ్గులలో మూడే ఆ పరీక్షకు నిలిచాయి. వాటిలో గీత సమంగా సాగినదానికి మొదటి బహుమతి లభించింది.

నాలుగు గంటలకు పెద్దాయన చిటికెడు ముగ్గుపిండిని పైనుండి జారవిడిచాడు. అది పడమరకు తేలిపోయింది. పిల్లలు గాలికి వీపు పెట్టి వరుసగా నిలబడ్డారు. వారి వెనుక ముప్పై అడుగుల చదునైన నేలను ముందే రాళ్లు ఏరి శుభ్రం చేశారు. పక్షులు గూళ్లకు మళ్లే వేళకు ముందే, అయిదు గంటలకు, పటాలన్నీ దింపాలని నియమం.

ఆ బాలుని పటం అందరికంటే పైన నిలిచింది. ఇరవై నిమిషాలు గడిచాక దారం తెగింది. పటం ప్రహరీ దాటి రోడ్డు మీదికి వాలింది. అతడు రెండడుగులు వేసి ఆగిపోయాడు. గేటు అవతల బస్సు వెళ్లిన శబ్దం వినవచ్చింది. అతడు వెనుదిరిగి వచ్చి రెండవ పటం అడిగాడు.

మొదటి బహుమతి తొమ్మిదేళ్ల బాలికకు దక్కింది. బాలుడు చరఖాను మళ్లీ అడగలేదు. మరునాడు సంఘం ఆ దారాన్ని చిన్న ముక్కలుగా కత్తిరించి, మూటకట్టి చెత్తబండికి అప్పగించింది.