కమలమ్మ గారి పేరు

మా వదిన గ్వాంగ్‌ఝౌలో జంతికలు అమ్ముతుంది. మొదట అక్కడి తెలుగువాళ్ళకి, తర్వాత పక్కింటి చైనీయులకి. పోయినేడాది షాపుల్లో పెడదామని ప్యాకెట్ కవర్లు ఆర్డరివ్వబోతూ నాకు ఫోన్ చేసింది. "మా అమ్మ పేరు పెడతాను. కమల. చైనా అక్షరాల్లో ఎలా రాస్తారో కనుక్కుని చెప్పు."

నేను షెన్‌జెన్‌లో కోడ్ రాసుకునేవాణ్ణి. అయిదేళ్ళుగా మాండరిన్ మాట్లాడుతున్నానన్న ధీమాతో పది నిమిషాల్లో చెప్పేశాను: కా, మా, లా. మూడు అక్షరాలు, అయిపోయింది. విదేశీ పేర్లు రాయడానికి అందరూ వాడే అక్షరాలే.

మర్నాడు లంచ్‌లో టీమ్‌మేట్‌కి చూపిస్తే నవ్వాడు. నేను రాసిన 'కా'కి ఇరుక్కోవడం అనే అర్థం కూడా ఉంది. సర్వర్ నత్తనడక నడిస్తే మేం రోజూ తిట్టుకునే మాట అదే! గొంతులో చేపముల్లు ఇరుక్కున్నా ఆ అక్షరమే, కేలరీల మాట మొదలయ్యేదీ దానితోనే. తినే వస్తువు మీద అది మొదటి అక్షరం. ఇక 'మాలా' అనగానే ఎవరి చెవికైనా తగిలేది సిచువాన్ వంటల 'మాలా', నాలుక తిమ్మిరెక్కించే కారం. వదిన జంతికల్లో ఉండేది వాము. అది కొని కారం లేదని తిట్టుకునేవాళ్ళకి ఏం చెబుతాం?

ఇక్కడ అక్షరం ఒట్టి శబ్దం కాదు, దాదాపు ప్రతిదానికీ ఓ అర్థం ఉంటుంది. తెలుగులో 'కోకా కోలా' అని రాస్తే అందులో శబ్దం తప్ప ఏమీ లేదు. చైనాలో అది 'కొఖౌ కొలా' అయింది: నోటికి రుచి, మనసుకి సంతోషం. లేస్ చిప్స్ 'లషి', అంటే సంతోషకరమైన సంగతి. శబ్దం కాస్త అటూఇటూ అయినా అర్థం మంచిదైతే జనం క్షమిస్తారు.

సరే, శబ్దం వదిలేసి అర్థం పట్టుకుందామన్నాను. కమలం అంటే 'లియెన్'. ఎడతెగకుండా అనే మాటా అలాగే పలుకుతుంది కాబట్టి శుభం కూడా. కొత్త సంవత్సరం బొమ్మల్లో తామరపువ్వునీ చేపనీ కలిపి వేసేది అందుకే: ఏటేటా మిగులు ఉండాలని. వదినకి కళ్ళు చెమర్చాయి. నేనూ మురిసిపోయాను. కానీ చైనాలో తామరదుంప చిప్స్ తింటారు, తామరగింజలూ తింటారు. బియ్యప్పిండి ప్యాకెట్ మీద 'తామర' అని ఉంటే లోపల అదే ఉందనుకుంటారు. సరుకులో ఏముందో తప్పుగా అనిపించే పేరుని అక్కడి ట్రేడ్‌మార్క్ చట్టం ఒప్పుకోదు. వదిన చాలాసేపు మాట్లాడలేదు.

మళ్ళీ శబ్దానికొచ్చాం. ఈసారి 'కా'కి వేరే అక్షరం దొరికింది: పక్కన నోటి గుర్తు ఉన్నది, స్వరం ఎత్తుగా, సమంగా సాగేది. పటుక్కున కొరికితే వచ్చే చప్పుడు రాయడానికి వాడేది. మన కరకరకి చుట్టం. దానికి 'మి' (బియ్యం), 'ల' (సంతోషం) కలిపితే కా-మి-ల. కమలకి దగ్గరే, అబద్ధం లేదు, శుభమూ ఉంది. మా టీమ్‌మేట్ సెహభాష్ అన్నాడు. అతనిది బీజింగ్.

వదిన కింది అంతస్తు షాపు ఆయీది గ్వాంగ్‌ఝౌ. కాగితం చూసి కాంటనీస్‌లో పైకి చదివింది. బియ్యం అక్కడ 'మై'. డబ్బుకి యాసలో అదే మాట, అంతవరకూ బానే ఉంది. కానీ 'వద్దు' అని వారించే మాటా అచ్చంగా అలాగే, అదే స్వరంలో పలుకుతుంది. 'మై లోక్': సంతోషపడొద్దు. నాలుకని కూడా అసలు పేరుతో పిలవని ఊరది. నష్టం అనే మాటలా వినిపిస్తుందని మాంసం కొట్లో దాన్ని లాభం అని ధ్వనించే మాటతో అమ్ముతారు. ఆ ఊళ్ళో మొదటి బోణీ ఇలాంటి పేరుతోనా? బీజింగ్‌లో పాసైన టెస్ట్ గ్వాంగ్‌ఝౌలో ఫెయిలైంది. నేను టెస్ట్ చేసింది ఒక్క భాషలోనే మరి.

"మీ అమ్మని ఇంట్లో ఎలా పిలిచేవారు?" అని ఆయీ అడిగింది. "కమా అనేవారు మా నాన్న," అంది వదిన. ఆయీ ఆ నోటి గుర్తు 'కా' పక్కన మరో అక్షరం రాసింది. మా. అమ్మ.

కా-మా. కాంటనీస్‌లోనూ కామానే. శుభాక్షరం ఒక్కటీ లేదే అని నేను గొణిగాను. ఎర్ర కవరు వేసి ధరలో ఎనిమిది పెట్టమంది ఆయీ. ఎనిమిది ఐశ్వర్యాన్ని గుర్తుచేసే అంకె, నాలుగు చావుని.

ట్రేడ్‌మార్క్‌కి 30వ తరగతిలో దరఖాస్తు పెట్టాం. పిండితో చేసే చిరుతిళ్ళు అందులోకే వస్తాయి. అక్కడ ముందు దరఖాస్తు పెట్టినవాడిదే పేరు కాబట్టి, కవర్లకి ముందే ఆ పని చేశాం. ఇంకా జవాబు రాలేదు. వదిన మాత్రం అట్టముక్క మీద ఆ రెండు అక్షరాలూ దిద్దుతోంది. రెండోదాంట్లో ఎడమవైపు ఉండే స్త్రీ గుర్తు ఆవిడకింకా కుదరట్లేదు.