శనివారం రాత్రి ఎన్నింటికి బయలుదేరదాం?

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో తెలుగువాళ్ళ శనివారం పార్టీ దాదాపు ఒకే తీరుగా సాగుతుంది. వాట్సాప్‌లో అయిదింటికి రమ్మంటారు. ఏడు దాటితే గానీ ఇల్లు నిండదు. పిల్లలకు ముందుగా పిజ్జా పెట్టేస్తారు, పెద్దల భోజనాలు తొమ్మిదిన్నరకు మొదలవుతాయి. గడప దాటగానే మగవాళ్ళు హాల్లోకో పెరట్లోకో, ఆడవాళ్ళు వంటింటి వైపుకో విడిపోతారు. వీసాలు, ఇళ్ళ ధరలు, పిల్లల చదువులు, సినిమాలు అన్నీ అయ్యాక మిగిలిన పులావు డబ్బాల్లో సర్దుకుని కారెక్కేసరికి పన్నెండవుతుంది.

ఈ రచయితకు బాగా తెలిసిన ఒక జంట ఇలాంటి శనివారాలతోనే చాలాకాలం సతమతమైంది. ఆయనది తెనాలి, ఆమెది హనుమకొండ. ఆయన నలుగురిలో ఉంటేనే తేటపడే మనిషి. ఆమె ఇద్దరు ముగ్గురితో అయితే అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంది, నలభై మంది మధ్య మాత్రం గంటకే డస్సిపోతుంది. మనస్తత్వ శాస్త్రంలో బహిర్ముఖులు, అంతర్ముఖులు అనే ఈ విభజనకు 1921లో కార్ల్ యుంగ్ రాసిన పుస్తకంతో ప్రచారం వచ్చింది. తర్వాతి పరిశోధకులు రెండు పెట్టెలను పక్కనపెట్టి దాన్ని ఒక కొలబద్దగా మార్చారు. ఎక్కువమంది మధ్యలోనే ఎక్కడో ఉంటారు. ఈ జంట మాత్రం ఆ కొలబద్ద రెండు కొసలకూ దగ్గర.

తెనాలిలోనే కాపురం పెట్టి ఉంటే వీళ్ళకు ఇంత ఇబ్బంది వచ్చేది కాదేమో. అక్కడ ఆయన పొద్దున పాలకు వెళ్తే ఇద్దరు పలకరిస్తారు, టీ కొట్టు దగ్గర నలుగురు కలుస్తారు, సాయంత్రం అరుగు మీద ఎవరో ఒకరు ఉంటారు. మాటల ఆకలి వారమంతా కొంచెం కొంచెంగా తీరుతుంది, దాని కోసం భార్యను ఎక్కడికీ వెంటబెట్టుకు వెళ్ళనక్కర్లేదు. ఫ్రిస్కోలో గరాజ్ తలుపు తెరుచుకుంటుంది, కారు లోపలికి పోతుంది, తలుపు మూసుకుంటుంది. పక్కింటివాళ్ళ ముఖం చూడకుండా వారాలు గడిచిపోతాయి. అయిదు రోజుల పలకరింపులన్నీ శనివారం సాయంత్రంలోకే కుక్కుకోవాలి. అలా కుక్కిన అయిదారు గంటల గుంపే అంతర్ముఖులకు అన్నిటికంటే బరువైన రూపం. అందుకే ప్రవాసంలో ఈ తగవుకు స్వభావాలు ఎంత కారణమో, ఊరు కట్టిన పద్ధతి కూడా అంతే కారణం.

ఇంకో సంగతి కూడా చూడాలి. ఎవరు అంతర్ముఖులో తేల్చే ముందు, వారంలో ఎవరు ఎన్ని గంటలు మాట్లాడారో లెక్కవేసుకోవడం మంచిది. హెచ్-4 వీసా మీద వచ్చిన జీవిత భాగస్వాములందరికీ ఉద్యోగం చేసే వీలు లేదు. 2015 నుంచి పని అనుమతి దొరుకుతున్నది ప్రధానంగా గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 ఆమోదం దాకా వచ్చినవారి భార్యలకు, భర్తలకు మాత్రమే. వారమంతా ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషి శుక్రవారం సాయంత్రానికి జనం కోసం తపిస్తుంది. రోజంతా మీటింగుల్లో గొంతు అరగదీసుకున్న మనిషి సోఫా దిగనంటాడు. చూసేవాళ్ళకు ఆమె బహిర్ముఖి, అతను అంతర్ముఖుడు. ఆమెకు ఉద్యోగం వచ్చిన ఏడాది ఇద్దరి పాత్రలూ తారుమారైన ఇళ్ళున్నాయి. తెనాలి, హనుమకొండ జంట విషయంలో అలా జరగలేదు. ఇద్దరూ ఉద్యోగస్తులే, ఇద్దరూ ఇంటి నుంచే పనిచేస్తారు, అయినా తేడా తేడాగానే ఉంది. వీళ్ళది నిజంగా స్వభావమే.

ఇక్కడ కొన్ని పరిశోధనలు పనికొస్తాయి. ఫిన్లాండులో లేకాస్, ఇల్మారినెన్ అనే ఇద్దరు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మనుషులు కలుపుగోలుగా మెలిగిన సమయంలో హుషారుగా ఉన్నారు, సుమారు మూడు గంటల తర్వాత అలసట పెరిగింది. అంతర్ముఖులకే కాదు, బహిర్ముఖులకూ అంతే. కెనడాలో జెలెన్‌స్కీ బృందం 2013లో గమనించిన మరో విషయం ఏమిటంటే, నలుగురిలో చొరవగా మెలిగితే తమకు ఎంత బాగుంటుందో అంతర్ముఖులు ముందుగా తక్కువ అంచనా వేసుకుంటారు. అలాగని నెట్టుకుంటూ పోవడమే మందనుకుంటే పొరపాటు. 2019లో ఆస్ట్రేలియాలో కొందరిని వారం పాటు బహిర్ముఖుల్లా మసలమన్నారు. మొత్తం మీద లాభం కనిపించింది. బాగా అంతర్ముఖులైనవాళ్ళకు మాత్రం ఆ లాభం తక్కువ, పైగా వాళ్ళు అలసిపోయారు, తాము తాముగా లేమన్న భావనా కలిగింది.

మూడింటినీ కలిపి చూస్తే హనుమకొండ అమ్మాయి అవస్థ తేటపడుతుంది. వెళ్ళే ముందు "నాకు వద్దు" అనేది కొంత తప్పుడు అంచనా. వెళ్ళాక నవ్వుతూ మాట్లాడేదీ నిజమే. తిరుగు దారిలో కారులో నోరు మెదపకపోవడమూ నిజమే. ఆయనకు ఆ మౌనం కోపంలా వినిపించేది. "అక్కడ అందరితో నవ్వావు, నాతో మాత్రం మాట్లాడవేం?" అనేవాడు. ఆమెకు మాటలు అయిపోయాయి, అంతే.

వాళ్ళు మొదట సరిదిద్దుకున్నది వాట్సాప్ జవాబు. పిలుపు రాగానే "తప్పకుండా వస్తున్నాం" అని ఆయన కొట్టేసేవాడు. "నన్నడగకుండా వస్తున్నామని ఎట్లా పెట్టినవ్?" అన్నదే సగం తగాదాలకు మొదలు. ఇప్పుడు ఆయన "నేను వస్తాను, తనను కనుక్కుని రాత్రికి చెప్తాను" అని రాస్తాడు. మన్నన పోలేదు, ఎవరూ నొచ్చుకోలేదు. ఆమె కూడా ఆ రాత్రికల్లా అవుననో కాదనో తేల్చి చెప్పాలి. శనివారం మధ్యాహ్నం దాకా నాన్చడం ఆయనకు చేసే అన్యాయమని ఇద్దరూ ఒప్పుకున్నారు.

రెండోది తిరుగు ప్రయాణం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. తెలుగింట్లో "ఇక వెళ్ళొస్తాం" అన్న మాట ప్రయాణానికి నాంది మాత్రమే. "అప్పుడేనా వదినా, ఇంకా టీ పెట్టలేదు" అంటారు. చెప్పుల దగ్గర మరో పావుగంట, వాకిట్లో ఇంకో పావుగంట, కారు అద్దం దించి ఇంకొన్ని మాటలు. ఆయనకు ఆ చివరి అరగంటే అన్నిటికంటే తీపి. ఆమెకు అప్పటికే ఓపిక అయిపోయి ఉంటుంది. ఒక కారు, ఒక సమయం అనుకున్నంత కాలం ఇద్దరిలో ఒకరు ఓడిపోవాల్సిందే. ఇప్పుడు దూరం తక్కువైతే రెండు కార్లలో వెళ్తారు. ఆమె తొమ్మిదిన్నరకు తిని, పిల్లవాణ్ణి తీసుకుని వచ్చేస్తుంది. ఆయన చివరి దాకా ఉండి కుర్చీలు మడత పెట్టించి వస్తాడు. దూరమైతే కారెక్కకముందే సమయం అనుకుంటారు, దానికి అరగంట ముందు ఆయనే వీడ్కోళ్ళు మొదలుపెడతాడు. ఆమె చాటుగా కళ్ళతో సైగ చేయడం, ఆయన చూడనట్టు ఉండటం ఆగిపోయాయి.

2024 సెప్టెంబరు ఈ పద్ధతికి మంచి పరీక్ష పెట్టింది. 7వ తేదీ శనివారం వినాయక చవితి. పొద్దున ఇంట్లో పూజ ముగ్గురే చేసుకున్నారు, సాయంత్రం మిత్రుల ఇంట్లో వ్రతానికి ఇద్దరూ వెళ్ళారు. 14న ఆయన సహోద్యోగి కొడుకు మొదటి పుట్టినరోజు, హాల్లో వందమంది దాకా. ఆయన ఒక్కడే వెళ్ళాడు. 21న ఆమె చిన్ననాటి స్నేహితురాలి ఇంట్లో విందు. అక్కడ ఆమె పొద్దున్నే వెళ్ళి వంటల దగ్గర సాయం చేసింది, మధ్యాహ్నం భోజనాల వేళకు ఆయన చేరాడు. జనం నిండేసరికి ఆమె పని అయిపోయింది. 28 ఖాళీగా ఉంచుకున్నారు. "ఖాళీగానే ఉన్నాంగా" అనుకుని ఆ రోజుకు వచ్చిన పిలుపును ఆయన ఒప్పేసుకోలేదు, ఎందుకంటే ఆ ఖాళీని క్యాలెండరులో పేరు పెట్టి రాసుకున్నారు. ఆ సాయంత్రం ఆయన ఒక్కడూ బాడ్మింటన్‌కు వెళ్ళొచ్చాడు.

ఆ బాడ్మింటనే బహుశా అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది. బుధవారం రాత్రి ఆట, ఆదివారం పొద్దున్నే ఒక స్నేహితుడితో నడక, మంగళవారం ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ ఆలయం దగ్గర తెలిసినవాళ్ళతో నాలుగు మాటలు. తెనాలిలో వీధి ఇచ్చినదాన్ని ఆయన ఇలా వారంలోకి పంచుకున్నాడు. దాంతో శనివారం మీద ఒత్తిడి తగ్గింది. రాలేనని ఆమె అంటే ఇంతకుముందు ఆయన ముఖం మాడిపోయేది, ఇప్పుడు అలా లేదు.

ఆమెకు జనం పడదనుకుంటే పొరపాటే. అక్టోబరులో బతుకమ్మకు వేలమంది మధ్య ఆమె మూడు గంటలు ఆడింది. చేతులకు, కాళ్ళకు పని ఉండి, పాట నడిపిస్తూ ఉంటే ఆమెకు గుంపు బరువనిపించదు. పని లేకుండా నిలబడి ఎవరో వచ్చి మాట కలిపేదాకా ఎదురుచూడటమే కష్టం. అందుకే పాట్‌లక్‌లలో ఆమె వడ్డన దగ్గరో, పిల్లల బోర్డ్ గేముల దగ్గరో చోటు వెతుక్కుంటుంది. మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళ వైపు అని విడిపోయే మన అలవాటు ఇలాంటివాళ్ళకు నిజంగా నష్టం చేస్తోంది, ఎందుకంటే ఆ ఇంట్లో తెలిసిన ఒక్క మనిషీ గుమ్మం దగ్గరే దూరమవుతాడు. భోజనానికైనా జంటలు కలిసి కూర్చునేలా ఆతిథ్యమిచ్చేవాళ్ళు చూస్తే ఎంతో తేడా వస్తుంది.

తప్పటడుగులు లేవని కాదు. ఆయన ఒక్కడే వెళ్ళిన మొదటి రోజుల్లో "వదిన రాలేదేం?" అని అడిగితే తలనొప్పి అని చెప్పేవాడు. మరుసటి రోజు పరామర్శ ఫోన్లు వచ్చేవి, ఆమె ఆ తలనొప్పిని నిలబెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు "ఈ వారం తను ఇంట్లోనే ఉంటానంది, వచ్చే శుక్రవారం మీ ఇద్దరూ మా ఇంటికి భోజనానికి రండి" అంటాడు. మన సమాజం రాని భర్తను బిజీ అని వదిలేస్తుంది, రాని భార్యకు మాత్రం పొగరు అంటగడుతుంది. ఈ జవాబు వల్ల ఆ మాట రాకుండా పోయింది, పైగా ఆమెకు ఇష్టమైన నలుగురి భోజనమూ కుదిరింది.

ఈ సర్దుబాట్లన్నీ స్వభావాల తేడాకే. కలవాలని కోరిక ఉండి కూడా జంకేవాళ్ళు, వారం ముందు నుంచే గుండె దడతో నిద్ర పట్టనివాళ్ళు, వచ్చాక అన్న ప్రతి మాటనూ తవ్వుకుని కుమిలేవాళ్ళు ఉంటారు. అది ఆందోళన సమస్య కావచ్చు. ఒకప్పుడు ఇష్టపడ్డవాటి మీద కూడా ఆసక్తి పోతే అది కుంగుబాటు లక్షణం కావచ్చు. రెండింటికీ డాక్టరు ఉన్నారు, రెండు కార్లు సరిపోవు.

వీళ్ళకు ఇంకా తెగనిది థాంక్స్‌గివింగ్ సెలవుల సంగతి. ఆరు కుటుంబాలు కలిసి ఒకే ఇల్లు అద్దెకు తీసుకుని నాలుగు రోజులు ఉండటం ఆయనకు ఏడాదంతా ఎదురుచూసే పండగ. అక్కడ తొమ్మిదిన్నరకు తిరిగి రావడానికి ఇల్లు ఉండదు. కిందటిసారి ఆ ఇంటికి పది నిమిషాల దూరంలో హోటల్ గది తీసుకుని చూశారు. ఆమెకు బాగానే ఉంది, స్నేహితులు కొందరు నొచ్చుకున్నారు. ఈసారి అదే ఇంట్లో పై అంతస్తు చివరి గది తమకు ఇమ్మని, బదులుగా పొద్దున టిఫిన్ల పని తను చూసుకుంటానని ఆమే గ్రూపులో రాసింది.