నాలుగో లేనులో నాలుగు రౌండ్లు

పొద్దున అయిదున్నర. స్టేడియం మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కాను. బావ ఫినిష్ లైను దాటి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగిపోయాడు.

"ఎంతొచ్చిందిరా?"

"ఏడు ముప్ఫై అయిదు."

బావ ఏమీ అనలేదు. వెళ్లి గడ్డిలో పడుకున్నాడు. కాసేపటికి, "నాతోని కాదురా. నాన్న దుకాణంలనే కూసుంటా" అన్నాడు.

బావ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. 2022 తెలంగాణ నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. వచ్చే నోటిఫికేషన్‌లోనూ అంతే ఉంటుందనుకుని అదే టైము పెట్టుకున్నాడు. ట్రాక్ 400 మీటర్లు, కాబట్టి నాలుగు రౌండ్లు. ఇందులో లెక్కేముంది? మూడు వారాలుగా రోజూ నాలుగు రౌండ్లే ఉరుకుతున్నాడు, రోజూ ఇరవై సెకన్ల దగ్గరే ఆగిపోతున్నాడు.

నిజానికి మాకు ఒక ఆధారం ముందే దొరికింది. బావ ఫోన్‌లోని యాప్ రోజూ 1.7 కిలోమీటర్లు చూపించేది. "ఫోన్‌కు ఏం తెలుసు" అని నవ్వుకున్నాం. యాప్‌లు మలుపుల దగ్గర కొంచెం అటూ ఇటూ చూపించే మాట నిజమే. కానీ రోజూ ఒకే వైపు, అదీ వంద మీటర్ల దాకా తప్పుతుంటే, తప్పు ఫోన్‌ది కాకపోవచ్చని ఆలోచించాల్సింది.

ఆ స్టేడియంలో లోపలి మూడు లేన్లు అరిగిపోతాయని ప్రాక్టీసుకు ఇవ్వరు, కోన్లు పెట్టి మూసేస్తారు. అందుకని బావ ఉరికేది నాలుగో లేనులో. ఆ రోజు మెట్ల మీద కూర్చుని కిందికి చూస్తుంటే, 400 మీటర్ల పందెం మొదలయ్యే గీతలు కనిపించాయి. ఒక్కో లేనుకు ఒక్కో గీత, బయటి లేనుకు పోయేకొద్దీ ముందుకు జరుగుతూ మెట్లలాగా ఉన్నాయి. పందెంలో అందరూ చేరేది ఒకే ఫినిష్ లైనుకు. అయినా బయటివాళ్లను ముందు నిలబెడుతున్నారంటే, వాళ్ల రౌండు అంత పొడుగన్న మాట. అంటే 400 మీటర్లనేది మొదటి లేను కొలత మాత్రమే. టీవీలో ఎన్నిసార్లు చూశానో, కానీ బావ నాలుగు రౌండ్లకు దీన్ని ఎప్పుడూ కలపలేదు.

రూముకొచ్చి లెక్క వేశాను. స్టాండర్డ్ ట్రాక్‌లో నేరుగా ఉండే భాగాలు రెండు, ఒక్కొక్కటి 84.39 మీటర్లు. రెండు మలుపులూ రెండు అర్ధవృత్తాలు. నేరు భాగం ఏ లేనులోనైనా ఒకటే, తేడా అంతా మలుపుల్లోనే. రెండు అర్ధవృత్తాలు కలిస్తే ఒక పూర్తి వృత్తం. లేను వెడల్పు 1.22 మీటర్లు. కాబట్టి ఒక లేను బయటికి జరిగితే వ్యాసార్ధం 1.22 పెరుగుతుంది, రౌండు 2π × 1.22, అంటే 7.67 మీటర్లు పెరుగుతుంది. ఇక్కడ నాకు నచ్చింది ఏమిటంటే, ఈ లెక్కలో ట్రాక్ ఎంత పెద్దదన్న ప్రశ్నే లేదు. మీ స్కూల్లో 200 మీటర్ల ట్రాక్ ఉన్నా, అంతే వెడల్పు లేను ఒకటి బయటికి జరిగితే రౌండుకు అదే 7.67 మీటర్లు.

మొదటి లేను నుంచి రెండో లేనుకు మాత్రం తేడా కొంచెం తక్కువ, 7.04. మొదటి లేనుకు లోపల ఎత్తైన అంచు ఉంటుంది, దానికి కాలు తగలకుండా ఉరకాలి కాబట్టి ఆ లేనును అంచు నుంచి 30 సెంటీమీటర్ల అవతల కొలుస్తారు. మిగతా లేన్లకు ఉత్త గీతే, అందుకని 20 సెంటీమీటర్ల దగ్గరే కొలుస్తారు. అలా రెండో లేను రౌండు 407.04, మూడోది 414.70, నాలుగోది 422.37 మీటర్లు. చివరిదైన ఎనిమిదో లేనులో అది 453 మీటర్లు దాటుతుంది.

నాలుగో లేనులో నాలుగు రౌండ్లంటే 1689.48 మీటర్లు. బావ రోజూ దాదాపు తొంభై మీటర్లు ఎక్కువ ఉరుకుతున్నాడు! యాప్ చెప్పింది కూడా ఇదే కదా. 1689.48 మీటర్లకు 455 సెకన్లయితే, అదే వేగంతో 1600 మీటర్లకు 431 సెకన్లు. అంటే 7 నిమిషాల 11 సెకన్లు.

ఫోన్ చేసి చెప్పాను. "బావా, నువ్వు పాసయ్యే టైములోనే ఉన్నవ్."

"నీ కాగితం మీద పాసైతే నౌకరిస్తరారా?"

అదీ నిజమే. ఆఖరి తొంభై మీటర్లు తీసేస్తే మిగతా పరుగు అచ్చం అదే వేగంతో ఉంటుందని ఎవరు చెప్పారు? అసలు 1600 ఉరికితే తప్ప తేలదు. లోపలి లేను ఇవ్వరు కాబట్టి, నాలుగో లేనులోనే 1600 గుర్తు పెట్టాలి. ఫినిష్ లైనును కదపొద్దు, మొదలయ్యే చోటునే 89.48 మీటర్లు ముందుకు జరపాలి. అప్పుడు మిగిలేది సరిగ్గా 1600.

మా సివిల్ సర్వే ల్యాబ్‌లో సార్‌ను బతిమాలి ముప్ఫై మీటర్ల టేపు తెచ్చాను. ఫినిష్ లైను దాటగానే మొదటి మలుపు మొదలవుతుంది, ఈ 89 మీటర్లూ ఆ మలుపులోనే పడతాయి. మొదటిసారి టేపు మొత్తం లాగి, బిగించి, మూడుసార్లలో కొలిచేశాం. వెనక్కి చూసుకుంటే టేపు లేను గీతలు దాటి లోపలికి కోసుకుపోయింది. వంపును వంపుగా కొలవకుండా అడ్డదారిలో కొలిచాం! అలా చేస్తే గుర్తు ఉండాల్సిన చోటు కంటే రెండు మీటర్లు ముందుకు పడుతుంది, పరుగు ఆ మేరకు తగ్గిపోతుంది. సర్వే క్లాసులో నేర్చుకున్నది అప్పుడు గుర్తొచ్చి, నాలుగో లేను లోపలి గీతకు 20 సెంటీమీటర్ల బయట అయిదేసి మీటర్ల ముక్కలుగా మళ్లీ కొలిచాం. అయిదు మీటర్ల ముక్కలతో తప్పు మొత్తం కలిపినా ఆరు సెంటీమీటర్లే. మలుపులో మూడింట రెండు వంతులు దాటాక గుర్తు పడింది. అక్కడ సుద్దముక్కతో గీత గీసి, అది చెరిగిపోయినా తెలిసేలా దానికి సూటిగా లోపల గడ్డిలో ఒక రాయి పెట్టాం.

మర్నాడు బావ రాయి దగ్గర నుంచి మొదలుపెట్టాడు. నేను ఫినిష్ లైను దగ్గర లెక్కపెడుతున్నాను. "మూడు" అయ్యాక వచ్చేసరికి "అయిపోయింది బావా!" అని అరిచి వాచ్ ఆపాను. 5 నిమిషాల 16 సెకన్లు. బావ నమ్మలేక ఎగిరి నన్ను పట్టుకున్నాడు. నాకు మాత్రం కడుపులో ఏదోలా అయింది. నిన్న 7:35 వచ్చిన మనిషికి ఇవాళ 5:16 ఎలా వస్తుంది?

తప్పు నాదే. బావ రాయి దగ్గర బయల్దేరగానే మనసులో "ఒకటి" అనుకున్నాను. ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో లూపు ఒకసారి తక్కువ తిరిగినప్పుడు చేసే తప్పే ఇది. బయల్దేరడం లెక్కలోకి రాదు, లైను దాటడమే లెక్క. బావ దాటింది మూడుసార్లే, అంటే 1177 మీటర్లు. పాపం, మొహం చిన్నబుచ్చుకుని వెళ్లి మళ్లీ గడ్డిలో పడుకున్నాడు.

ఆ రోజు నుంచి రెండు మార్పులు చేశాం. ఒకటి, అయిపోయినవి కాదు, మిగిలినవి లెక్కపెట్టడం. పెద్ద పోటీల్లో లైను దగ్గర బోర్డు మీద చూపించేవి మిగిలిన రౌండ్లే, ఆఖరి రౌండుకు గంట కొడతారు. నేను కూడా బావ లైను దాటినప్పుడల్లా "ఇంకా మూడు", "ఇంకా రెండు" అని అరిచేవాణ్ణి, ఆఖరిదానికి స్టీలు గ్లాసు మీద తాళంచెవితో కొట్టేవాణ్ణి. రెండు, లైను దాటిన ప్రతిసారీ ఉండాల్సిన టైము చీటీ మీద రాసుకోవడం. 7:15 వేగానికి మొదటిసారి 1:30, రెండోసారి 3:25, మూడోసారి 5:20, నాలుగోసారి 7:15. మొదటిది తక్కువ ఎందుకంటే రాయి నుంచి లైను దాకా 333 మీటర్లే, తర్వాతవన్నీ పూర్తి రౌండ్లు, ఒక్కొక్కటి 1:55. రౌండు తప్పిపోతే చీటీలో దాదాపు రెండు నిమిషాల తేడా కనబడుతుంది. దాన్ని చూడకుండా ఉండలేం.

రెండు రోజులు ఆగి మళ్లీ ఉరికాడు. 1:28, 3:23, 5:19, గ్లాసు మోగింది, 7:12.

ఈసారి ఎగరలేదు. "మూడు సెకన్లే కదరా మిగిలింది" అన్నాడు. ఆ మాటతో ఇంకో లెక్క వేశాను. పరీక్ష రోజు లేన్లు ఉండవు, గుంపుగా వదులుతారు, అందరూ మొదటి లేను కోసం తోసుకుంటారు. బావ నాలుగు రౌండ్లూ ఎవరో ఒకరి పక్కన రెండో లేనులో ఉరికితే 28 మీటర్లు ఎక్కువ పడతాయి. ఆయన వేగానికి అది ఏడున్నర సెకన్లు. మిగిలిన మూడు సెకన్లూ పోయి ఫెయిలవుతాడు, పైగా సరిగ్గా ఉరికి ఫెయిలవుతాడు.

అందుకని ఇప్పుడు ఇంకో ఇద్దరిని కలుపుకుని ఉరుకుతున్నాడు. మలుపులో ఎవరి పక్కకూ పోడు, వెనకే గీతకు అంటుకుని ఉంటాడు. దాటాలనుకుంటే నేరు భాగంలోనే దాటుతాడు, అక్కడ పక్కకు జరిగినా దూరం పెరిగేది ఏమంత ఉండదు. మొన్న 7:06 వచ్చింది.

నిన్న కొత్తగా వచ్చిన పిల్లోడొకడు నాలుగో లేనులో నాలుగు రౌండ్లు ఉరికి, ఫోన్ చూసుకుని దిగాలుగా కూర్చున్నాడు. బావ వాడి దగ్గరికి వెళ్లి గడ్డిలో రాయి చూపించాడు. కాసేపటికి వాడు రాయి దగ్గర నిలబడి ఉన్నాడు, బావ ఫినిష్ లైను దగ్గర నా స్టీలు గ్లాసు పట్టుకుని ఉన్నాడు.