నల్ల మెట్ల మీద రాగాలు

సంగీతం నేర్చుకోవడం వేరు, వినడం నేర్చుకోవడం వేరు. మొదటిదానికి రాసిన పుస్తకం కొని రెండోది సాధించాలనుకుంటే విసుగే మిగులుతుంది.

మా వదినగారికి యాభై దాటాక కచేరీల మీద మనసు పోయింది. "పక్కావిడ మోహన అంటూ తల ఊపుతుంది. నాకేమో అన్నీ ఒక్కలాగే ఉంటాయి. స్వరాలు చదవడం రాని దానికి పనికొచ్చే పుస్తకం ఏదన్నా ఉంటే చెప్పమ్మా!" అంది.

ఆరన్ కోప్లాండ్ అనే అమెరికన్ స్వరకర్త 1939లో 'వాట్ టు లిసన్ ఫర్ ఇన్ మ్యూజిక్' అని ఒక పుస్తకం రాశాడు. శ్రోతకు ఉండాల్సిన కనీసపు అర్హత ఒక వరసను విని గుర్తుపట్టగలగడమేనన్నాడాయన. పుస్తకం పాశ్చాత్య సంగీతానిదే గాని, ఈ మాట మనకూ చెల్లుతుంది. 'లాహిరి లాహిరి'ని గుర్తుపట్టని వాళ్ళెవరు?

అందుకే దుకాణంలో పుస్తకం తీసి మోహన పేజీ చూడమన్నాను. స రి గ ప ద అని ఆరోహణ, కింద కీర్తన స్వరాలు, అంతే ఉంటే అది విద్యార్థులది. 'మాయాబజార్' (1957) లోని ఆ పాటా, త్యాగయ్యగారి 'నను పాలింప'ా ఒకే రాగమని చెప్పి, ఇందులో మ, ని ఉండవని గుర్తుచేస్తే అది శ్రోతది. ఒక చిన్న జాగ్రత్త. సినిమా పాటలు చరణాల్లో రాగం దాటి షికారు వెళ్తుంటాయి, పల్లవినే నమ్ముకోవాలి.

అయితే ఎంత మంచి పుస్తకమైనా కాగితం మీద వినిపించలేనిది ఒకటుంది. అదే ఆధార షడ్జమం, అంటే తంబురాలో మోగే 'స'. దాన్ని మా ఇంట్లో హార్మనీ పెట్టె ముందు తేల్చుకున్నాం. పిల్లల కీబోర్డయినా చాలు.

నల్ల మెట్లు రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి కదా! మూడింటి గుంపులో మొదటి మెట్టును 'స' అనుకుని, దాన్ని నొక్కి పట్టుకుని, వరసగా నల్లవే వాయిస్తూ మళ్ళీ అలాంటి మెట్టు దాకా వెళ్ళమన్నాను. మోహన పలికింది. అదే గుంపులో మూడో మెట్టును 'స'గా పట్టి, అవే నల్లవి వాయించమన్నాను.

"అయ్యో, ఇది 'పగలే వెన్నెల' కదూ!" అంది వదిన.

హిందోళమే. త్యాగయ్యగారి 'సామజవరగమన' కూడా అదే. మెట్లు మారలేదు, 'స' మారింది. కాబట్టి కచేరీలో పాట మొదలవకముందే తంబురా మీద చెవి వెయ్యాలి. అది చెవిలో నిలవకపోతే పుస్తకంలోని పట్టికలు కంఠతా వచ్చినా రాగం చిక్కదు. ఇక గమకం సంగతంటారా, అది మెట్ల మీదా పలకదు, పేజీలోనూ పలకదు. దానికి మంచి గాత్రం రికార్డు పెట్టుకుని, పుస్తకం పక్కన తెరుచుకుని వినాల్సిందే.

"మరి మధ్య మెట్టు నుంచి వాయిస్తే?" అంది వదిన, అప్పటికే వేలు పెట్టేసి.

మధ్యమావతి. కచేరీ చివర్లో, అందరూ చెప్పులు వెతుక్కోబోయే ముందు తరచు వినిపించేది అదే!